పాలు నువ్వే పొంగించాలి అన్న పిన్నికి రాలేనని ఎలా చెప్పాలి?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను. తాడేపల్లిగూడెంలో మా బాబాయి వాళ్ళ అబ్బాయి కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఇంకో మూడు వారాల్లో ఆదివారం తెల్లవారుజామున 5:12కి గృహప్రవేశం. బాబాయికి ఆడపిల్లలు లేరు, అందుకని పాలు నువ్వే పొంగించాలని పిన్ని ఫోన్ చేసి మరీ చెప్పింది. కానీ శనివారం రాత్రి 10 నుంచి ఆదివారం పొద్దున్న 8 వరకు మా క్లయింట్ బ్యాంకు సిస్టమ్ మార్పు ఉంది, నేను డ్యూటీలో ఉండాలి. అప్పటికి "చూస్తాను పిన్నీ" అన్నాను. మా ఆయనకి ఆ రోజు సెలవే. ఇలా రాసి పెట్టుకున్నాను: "సారీ పిన్నీ, దురదృష్టవశాత్తు ఆఫీస్ వర్క్ వల్ల రాలేకపోవచ్చు. చాలా ట్రై చేశాను. ఫంక్షన్ బాగా జరగాలని కోరుకుంటున్నాను." పంపించేయనా?

సమాధానం: అలా పంపకండి. అందులో మర్యాదకి లోటు లేదు. కానీ అది చదివాక మీ పిన్ని దగ్గర మిగిలేది "ఆఫీస్ వర్క్" అన్న రెండు ముక్కలే. గృహప్రవేశం రోజు గుమ్మంలో అడుగుపెట్టే ప్రతి చుట్టమూ ఆవిడని "అమ్మాయి రాలేదేం?" అని అడుగుతారు. అందులోనూ పాలు పొంగించాల్సిన ఆడపడుచు కనబడకపోతే అడగనివాళ్ళు ఉండరు. "ఏదో ఆఫీసు పనంట" అని ఆవిడ చెప్తే, "ఆదివారం కూడా ఆఫీసేనా వదినా?" అంటారు. ఆ మాటకి అందరి ముందు చిన్నబోయేది ఆవిడ.

నేను ఇరవై ఎనిమిదేళ్ళు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేశాను. నెలలో కొన్ని రాత్రులు తప్పనిసరిగా వార్డులోనే ఉండేదాన్ని కాబట్టి, పెళ్ళిళ్ళకీ బారసాలలకీ రాలేనని చెప్పడం నాకు బాగా అలవాటైన పని. అయితే ఎలా చెప్పాలో తెలిసింది మాత్రం నేను పిలిచే చోట నిలబడినప్పుడే. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి మా మేనల్లుడు రాలేదు. వాడు రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్. వారం ముందే ఫోన్ చేసి, తరవాత ఒక మెసేజ్ పెట్టాడు: "అత్తా, ఆ రాత్రి బండి నాకు పడింది. పొద్దున్నకి నేను విశాఖపట్నంలో దిగుతాను." ఫంక్షన్ రోజు ఎవరు అడిగినా "మావాడు రాత్రంతా బండి నడిపి ఇప్పుడే విశాఖలో దిగి ఉంటాడు" అని చెప్పాను. ఒక్కరు కూడా మారు ప్రశ్న వెయ్యలేదు. పైగా ఆ మాట చెప్తున్నప్పుడు నాకు గర్వంగా అనిపించింది. వాడు రాని లోటు లోటే. కానీ నలుగురికీ చెప్పుకోడానికి నాకో మాట ఇచ్చాడు.

మీరు రాయాల్సింది కూడా అలాంటి మాటే. మీ మెసేజ్‌ని పిన్ని ఒక్కసారి చదువుతుంది, కానీ ఆ రోజు ఇరవై సార్లు చెప్తుంది. ఆవిడ నోట్లో పట్టే మాట కావాలి. "క్లయింట్ సిస్టమ్ మార్పు" ఆవిడకి పట్టదు. మీరు నిజంగా ఏం చేస్తారో చెప్పండి. మీ పనిని నేను సరిగ్గా అర్థం చేసుకుంటే ఇలా ఉంటుంది: "ఆ రాత్రి ఒక బ్యాంకు పాత కంప్యూటర్ల నుంచి కొత్తవాటికి మారుతోంది. తెల్లారి జనం డబ్బు తీసుకునేలోగా లెక్కలు సరిపోయాయో లేదో చూసేవాళ్ళలో నేను ఒకదాన్ని." దీన్ని పక్కింటావిడకి కూడా చెప్పొచ్చు. ఆదివారమే ఎందుకు, రాత్రే ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉంది.

అది రాసేముందు ఒక పని ఉంది. ఆ రాత్రి డ్యూటీ మార్చమని మీరు నిజంగా అడిగారా? ప్రశ్నలో ఆ సంగతి ఎక్కడా లేదు. అడగకుండా "చాలా ట్రై చేశాను" అని మాత్రం రాయకండి. మా వార్డులో రోస్టర్ పడ్డాక కూడా ఒకరి రాత్రి ఇంకొకరు తీసుకునేవాళ్ళం, ఇద్దరూ సంతకం పెట్టి హెడ్ నర్సుకి ఇస్తే సరిపోయేది. మీ టీములో మీ పని తెలిసినవాళ్ళు ఇంకొకరు ఉంటే, ఈ వారమే అడగండి. మూడు వారాల ముందు అడిగితే అది సర్దుబాటు, మూడు రోజుల ముందు అడిగితే గొడవ. కుదిరితే ఈ సమాధానం మీకు అక్కర్లేదు, వెళ్ళి పాలు పొంగించండి. కుదరకపోతే, అప్పుడు "అడిగాను, నా బదులు చేసేవాళ్ళు లేరు" అన్న మాట నిజమవుతుంది. అడగడం మీకే ఇష్టం లేకపోతే అదీ తప్పు కాదు, కానీ అప్పుడు "ఈ పని నేను ముందే ఒప్పుకున్నాను" అని రాయండి. "సెలవు ఇవ్వడం లేదు" అని ఆఫీసు మీదకి నెట్టకండి. మన చుట్టాల్లో సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇంటికొకరు ఉన్నారు. భోజనాల దగ్గర ఎవరో ఒకరు "అడిగితే ఇస్తారే" అంటారు.

అబద్ధం గురించి ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, ఒకసారి నేను చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా మేనత్త ఇంట్లో మనవడి బారసాల. ఆ వారం నాకు నైట్ డ్యూటీలు. డ్యూటీ అంటే ఆవిడ నొచ్చుకుంటుందని భయపడి, జ్వరంగా ఉందని కబురు పెట్టాను. బారసాల అయిన సాయంత్రం అత్త తన చిన్నకొడుకుతో మిరియాల చారు, మెత్తగా వండిన అన్నం క్యారియర్‌లో పెట్టి మా క్వార్టర్స్‌కి పంపింది. వాడు రెండు బస్సులు మారి వచ్చేసరికి తలుపుకి తాళం ఉంది. నేను వార్డులో ఉన్నాను. పక్క క్వార్టర్ ఆవిడ "ఇప్పుడే డ్యూటీకి వెళ్ళింది, బాగానే ఉందిగా" అని చెప్పింది. వాడు క్యారియర్ తలుపు దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. పొద్దున్న ఎనిమిదిన్నరకి నేను వచ్చేసరికి గిన్నె చుట్టూ చీమలు పట్టి ఉన్నాయి. ఆ క్యారియర్ తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అత్త అన్నది ఒకటే మాట: "డ్యూటీ అని చెప్తే నేను వద్దంటానా?" ఆ తరవాత చాలా కాలం నేను ఏ కారణం చెప్పినా ఆవిడ "సరేలేమ్మా" అనేది. ఆ "సరేలేమ్మా" వినడం నాకు తిట్టు కన్నా కష్టంగా ఉండేది.

ఇక మీరు అన్న "చూస్తాను పిన్నీ" సంగతి. మీ దృష్టిలో అది అనుమానం, మీ పిన్ని దృష్టిలో అది ఒప్పుకోలు. ఫంక్షన్ చేసేవాళ్ళు "చూస్తాను", "ట్రై చేస్తాను" అన్నవాళ్ళని వచ్చేవాళ్ళ లెక్కలోనే వేసుకుంటారు. మీ విషయంలో లెక్క ఒక్క విస్తరితో ఆగదు. పాలు పొంగించే ఆడపడుచుకి చీర పెట్టాలి. పిన్ని ఆ చీర కొనడానికి భీమవరమో రాజమండ్రో వెళ్తుంది, మీ రంగుకి ఏది నప్పుతుందో ఆలోచించి తీసుకుంటుంది. ఆ చీర కొన్న తరవాత మీరు రానని చెప్తే, అదే చీర ఇంకో ఆడపడుచుకి పెట్టాలి. తనకోసం కొన్నది కాదని ఆ అమ్మాయికి తెలిసిపోతుంది. "ఆవిడ రానందిగా, అందుకని నన్ను పిలిచారు" అన్న మాట మన ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అందుకే డ్యూటీ సంగతి రెండు రోజుల్లో తేల్చుకుని ఈ వారంలోపే పిన్నికి చెప్పండి. మూడు వారాల ముందు చెప్తే, రెండో మనిషిని పిన్ని మొదటి మనిషిలా పిలవగలదు.

చెప్పడం ఫోన్‌తో మొదలవ్వాలి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో కార్డు పడేసి పిలిస్తే, విడిగా ఒక మెసేజ్ పెడితే చాలు. మిమ్మల్ని అలా పిలవలేదు. పేరు పెట్టి, పని అప్పజెప్పి పిలిచారు. అలాంటి పిలుపుకి మెసేజ్‌తో కాదనడం మొహం చాటేసినట్టు ఉంటుంది. మరి మెసేజ్ ఎందుకంటే, ఫోన్‌లో బాధలో సగం మాటలు వినబడవు. ఆవిడ ఫోన్ పెట్టేశాక బాబాయికి చూపించడానికి, వదినకి చదివి వినిపించడానికి అది కావాలి. మధ్యాహ్నం భోజనాలయ్యి ఆవిడ కాస్త కూర్చునే వేళ చూసి చెయ్యండి. ఇల్లు కట్టేవాళ్ళకి పొద్దున్నే పెయింటర్లు, ఎలక్ట్రీషియన్లతోనే సరిపోతుంది. మొదటి నిమిషంలోనే విషయం చెప్పేయండి. కుశల ప్రశ్నలన్నీ అయ్యాక చివర్లో చెప్తే, ఇందుకా ఇంతసేపు మాట్లాడింది అనిపిస్తుంది.

ఆ ఫోన్ అయ్యాక, అరగంటలోపు ఈ మెసేజ్ పెట్టండి. మీ మాటల్లోకి మార్చుకోండి, కానీ వరస మార్చకండి.

"పిన్నీ, అన్నయ్య ఇల్లు పూర్తయ్యి ముహూర్తం కుదిరిందంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. పాలు నువ్వే పొంగించాలి అని నన్ను పిలిచావు, ఆ మాట నేను మర్చిపోను. కానీ ఆ ముహూర్తానికి నేను రాలేకపోతున్నాను. శనివారం రాత్రి ఒక బ్యాంకు కంప్యూటర్లన్నీ కొత్తవాటికి మారుతున్నాయి. ఆదివారం పొద్దున్న ఎనిమిది దాకా లెక్కలు చూసేవాళ్ళలో నేను ఒకదాన్ని. నా బదులు ఎవరైనా చేస్తారేమో అని అడిగాను, కుదరలేదు. ఆ రోజు ఫోన్‌లో 'చూస్తాను' అన్నాను, అప్పుడే ఖచ్చితంగా చెప్పాల్సింది, నాదే తప్పు. మీ అల్లుడు అమ్మావాళ్ళతో శనివారమే వచ్చేస్తారు. నేను ఆ తరవాత వచ్చే రెండో శనివారం వచ్చి, కొత్తింట్లో ఒక రాత్రి ఉండి వెళ్తాను. బాబాయికి కూడా చెప్పు పిన్నీ."

ఇందులో కొన్ని మాటలు కావాలని పెట్టినవి. మీ చిత్తులో "రాలేకపోవచ్చు" అని ఉంది. అది "చూస్తాను"కి చెల్లెలు, మళ్ళీ ఆవిడని ఎదురుచూపులో పెడుతుంది. ఉత్త "రాలేను" అంటే పిన్నితో అనడానికి మరీ తెగేసినట్టు ఉంటుంది. "కుదరడం లేదు" అంటే కుదుర్చుకోమని బతిమాలతారు. "రాలేకపోతున్నాను"లో బాధా ఉంది, ఖాయమూ ఉంది. ఇక "దురదృష్టవశాత్తు" అన్న మాట తీసేయండి. గృహప్రవేశం గురించి రాసే నాలుగు వాక్యాల్లో దురదృష్టం అన్న మాట పెద్దవాళ్ళకి గుచ్చుకుంటుంది. తోరణాలు కట్టే ఇంట్లోకి ఆ మాట వెళ్ళకూడదు. కారణాన్ని ఒక్కసారే చెప్పాం, క్షమాపణ కూడా ఒక్కసారే, అదీ "చూస్తాను" అన్నందుకు మాత్రమే. రాలేకపోవడం మీ తప్పు కాదు, ఆశ పెట్టడం మాత్రం కొంచెం మీ తప్పే.

మెసేజ్‌లో లేనిది కూడా గమనించండి. పాలు ఎవరు పొంగించాలో మీరు రాయలేదు. మీ పెదనాన్న గారి అమ్మాయో ఇంకొకరో ఉంటారు, "అక్కని పెట్టుకోండి" అని సలహా ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వకండి. అది ఇంటివాళ్ళ నిర్ణయం. మీ అన్నయ్య, వదిన, అత్తామామలు, పురోహితుడు, ఇంతమంది మాట ఉంటుంది అందులో. పిన్ని ఎవరిని అనుకుందో ఆవిడే చెప్పాక, ఆ అక్కకి మీరు విడిగా ఫోన్ చేసి "నువ్వు పొంగిస్తున్నావని తెలిసింది, వీడియో తీయించు, పొద్దున్న డ్యూటీ దిగగానే చూస్తాను" అనండి. ఆ ఒక్క ఫోన్‌తో "నీ బదులు నేను" అన్న ముల్లు ఆ అమ్మాయి మనసులో ఉండదు. ముహూర్తం వేళకి వీడియో కాల్‌లో ఉంటానని మాత్రం మాటివ్వకండి. ఐదుంబావుకి మీ దగ్గర లెక్క తేడా వస్తే మీరు కాల్ ఎత్తలేరు, పాలు పొయ్యి మీద ఉండగా వాళ్ళు మీ కోసం ఫోన్ పట్టుకుని నిలబడతారు.

వదినకి వేరే మెసేజ్ పెట్టండి, పిన్నికి పెట్టినదే ఫార్వర్డ్ చెయ్యకండి. ఇల్లు ఆవిడది. ఆడపడుచు తన ఇంటికి రాలేదన్న లెక్క ఆవిడ పుట్టింటివాళ్ళు కూడా చూస్తారు. మూడు వాక్యాలు చాలు: "వదినా, మీ వంటింట్లో మొదటి పాలు నేను పొంగిస్తానని సంబరపడ్డాను. ఆ రాత్రి డ్యూటీ వల్ల రాలేకపోతున్నాను, పిన్నికి అంతా చెప్పాను. రెండో శనివారం వస్తున్నాను, ఆ రోజు కాఫీ మీ పొయ్యి మీద నేను పెడతాను." పిన్నికి చెప్పిన కారణమే ఇక్కడా ఉండాలి. ఒకరికి డ్యూటీ అని, ఒకరికి పాపకి బాగోలేదని చెప్తే, వాళ్ళిద్దరూ ఒకే వంటింట్లో కూర్చుని కూరగాయలు తరుగుతారు.

పిన్ని ఊరుకోదు, ఒత్తిడి చేస్తుంది. "రాత్రికి రాత్రి కారులో వచ్చి పాలు పొంగించి వెళ్ళిపో" అంటుంది. హైదరాబాద్ నుంచి తాడేపల్లిగూడెం దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు అని లెక్కలు చెప్పడం మొదలుపెట్టకండి. దూరం చెప్తే ఫ్లైట్ ఉందిగా అంటుంది, ఖర్చు చెప్తే మేం పెట్టుకుంటాం అంటుంది. ఎన్ని కొత్త కారణాలు చెప్తే అన్ని కొత్త పరిష్కారాలు వస్తాయి, చివరికి మీకు ఇష్టం లేదన్న చోట ఆగుతుంది. చెప్పిన మాటే నెమ్మదిగా మళ్ళీ చెప్పండి: "ఎనిమిది దాకా నేను కుర్చీ వదల్లేను పిన్నీ." "మీకు మేం గుర్తుంటామా ఏంటి" అంటే అది ప్రశ్న కాదు, బాధ. దానికి వాదన పెట్టకండి. "నాకూ బాధగానే ఉంది పిన్నీ" అని ఊరుకోండి. అటు నుంచి కాసేపు మాట రాకపోయినా మీరు నింపకండి. నేను చూసినంతలో, ఆ మౌనం తరవాత వచ్చే మాట దాదాపు ఎప్పుడూ "సరే, తిన్నావా?" అనే ఉంటుంది.

మీ ఆయనని పంపడం గురించి ఒక్క మాట. ఆయనకి సెలవు ఉందన్నారు కాబట్టి తప్పకుండా పంపండి. తాడేపల్లిగూడెం లాంటి చోట అల్లుడు ముందురోజే వచ్చి, షామియానా దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళని పలకరిస్తే, అమ్మాయి రాలేదన్న మాట సగం వినబడదు. అయితే ఆయనని ఒక్కరినే పంపకండి, మీ అమ్మానాన్నలతో కలిసి వెళ్ళేలా చూడండి. అన్నయ్యకీ వదినకీ పెట్టాల్సిన బట్టలు, చదివింపులు మీ ఇద్దరి పేరు మీద ఆయన చేతుల మీదుగానే ఇప్పించండి. రాలేదు కదా అని మామూలుగా చదివించే దానికన్నా ఎక్కువ పెట్టకండి. ఎక్కువ పెడితే రాకపోవడానికి ఖరీదు కట్టినట్టు ఉంటుంది. తరవాత మీ ఇంట్లో ఫంక్షన్‌కి వాళ్ళు అదే లెక్క తిరిగి పెట్టాల్సొస్తుంది, ఇల్లు కట్టి అప్పులో ఉన్నవాళ్ళకి అదో భారం.

రెండో శనివారం అని రాశాను చూడండి, అది ఊరికే రాసింది కాదు. "త్వరలో తప్పకుండా వస్తాను" అన్న మాటని ఎవరూ నమ్మరు, తేదీని నమ్ముతారు. మెసేజ్ పంపేముందే టికెట్ బుక్ చేసుకోండి. పెళ్ళి అయితే ఆ గంట దాటితే అయిపోయినట్టే, కానీ ఇల్లు అక్కడే ఉంటుంది. వెళ్ళేటప్పుడు పళ్ళు, పూలు, పసుపు కుంకుమలు తీసుకెళ్ళండి. గదులన్నీ చూపించమని వదినని అడగండి, ఆవిడ చెప్పేదంతా వినండి. గృహప్రవేశం రోజు హడావిడిలో ఎవరూ ఆవిడ అలమరాలు ఎలా కట్టించుకుందో, నీళ్ళ ట్యాంకు దగ్గర ఏం ఇబ్బంది పడిందో వినలేదు. ఆ రాత్రి అక్కడే పడుకోండి. ఒకవేళ ఆ శనివారం కూడా పని పడేలా ఉంటే, తెలిసిన రోజే కొత్త తేదీతో సహా చెప్పండి. రెండోసారి కూడా "చూస్తాను" అంటే మొదటి మెసేజ్ మొత్తం అబద్ధమైపోతుంది.

మెసేజ్ పంపాక బ్లూ టిక్కులు వచ్చి జవాబు రాకపోతే ఇంకో మెసేజ్ పెట్టకండి. ఆవిడ బాబాయితో మాట్లాడుతూ ఉండొచ్చు, కోపంగా ఉండొచ్చు, కళ్ళజోడు దొరక్కపోయి ఉండొచ్చు. మర్నాడు అదే మధ్యాహ్నం వేళకి ఫోన్ చేసి, ఫంక్షన్ గురించి కాదు, ఇంటి పని ఎంతవరకు వచ్చిందో అడగండి. గుమ్మాలకి ఏ రంగు వేయిస్తున్నారని అడిగితే చాలు, మిగతాది ఆవిడే మాట్లాడుతుంది.